తెల్లగా పోయిన కిటికీ

కిటికీలోంచి బయట ఏం కనబడాలో నిర్ణయించే ఉద్యోగం నాది. వినడానికి గొప్పగానే ఉంటుంది, దాని తలనొప్పి చేసేవాళ్ళకి తెలుస్తుంది. నాటింగ్‌హామ్‌లో తిండి పొట్లాలు కట్టిచ్చే ఒక టేకవే కొట్టు పైన రెండు గదుల ఆఫీసు మాది. ఇళ్ళమ్మే ఏజెంట్ల కోసం మా బాస్ కాలిన్ వెళ్ళి ఇళ్ళ లోపల ఫోటోలు తీసుకొస్తాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని బాగుచేస్తాను. బాగుచేయడమంటే ముప్పాతిక మువ్వీసం కిటికీలు బాగుచేయడమే.

గది బాగా పడేట్టు తీస్తే కిటికీ తెల్లగా కాలిపోతుంది. కిటికీ బాగా పడేట్టు తీస్తే గది చీకటి కొట్టు అయిపోతుంది. మన కన్ను లోపలా బయటా ఒకేసారి చూసేస్తుంది గానీ కెమెరాకి అంత తెలివి లేదు. అందుకని ట్రైపాడ్ కదపకుండా గదికో ఫోటో, బయటికో ఫోటో తీయాలి. తర్వాత మొదటిదాని కిటికీ స్థానంలో రెండోదాని కిటికీని అతకాలి. అతికినట్టు తెలియకూడదు. తెలిసిందా, నా పని వృథా.

కొందరు ఏజెంట్లు ఇంకో అడుగు ముందుకేస్తారు. బయట పక్కింటి గోడ ఉంటే, "కాస్త పచ్చటి కొండలు పెట్టెయ్ బిందూ" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. "ఇల్లు కొన్నవాడు పొద్దున్నే లేచి కర్టెన్ తీస్తే కొండలెవరు తెచ్చి పెడతారు, మీ తాతయ్యా?" అని అడగాలనిపిస్తుంది. ఇంగ్లీషులో అలా అడగలేను కాబట్టి, "చట్టం ఒప్పుకోదు" అని మాత్రం అంటాను. నాకు నోరెక్కువని మా ఆయన ఫిర్యాదు. ఉంటే ఉంది, నేను మాత్రం లేనిదాన్ని ఉన్నట్టు అతకను. ఆ ఏడు, రెండు వేల ఆరులో, అక్టోబరు నెలలో సులోచన ఆంటీ వచ్చేదాకా నేను అలాగే అనుకునేదాన్ని.

సులోచన ఆంటీది ఒంగోలు దగ్గర ఊరు. ఇక్కడి పెద్దాసుపత్రి వార్డుల్లో నర్సుగా చేసి రిటైరైంది. నేను తెనాలి నుంచి కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు బస్సెక్కడం దగ్గర్నుంచి పేట డాక్టరు, అదే జీపీ దగ్గర పేరు రాయించుకోవడం దాకా అన్నీ ఆవిడే నేర్పింది. భర్త వీరాంజనేయులు అంకుల్ నెమ్మదస్తుడు. ఇంటి వెనక తోటలో చిక్కుడు, గోంగూర పెంచి తెలుగువాళ్ళందరికీ సంచులు పంపేవారు. జూన్‌లో ఆ తోటలోనే గుండెపోటుతో పోయారు.

ఆఫీసు మెట్లెక్కి వచ్చిన ఆంటీ కుర్చీలో కూలబడింది. మనిషి సగమైపోయింది. టీ ఇస్తే చల్లారనిచ్చింది.

"బిందూ, మీ కాలిన్ మా ఇంటికొచ్చి ఫోటోలు తీశాడు, గుర్తుందా? ఇల్లమ్ముదామనుకున్నప్పుడు."

"గుర్తుంది ఆంటీ. ఆ పని ఆపేశాం కదా."

"ఆపేశారు. ఆ మధ్యాహ్నమే గదా ఆయన పోయింది. ఆ ఫోటోలు ఉన్నాయా, పారేశారా?"

కాలిన్ ఏదీ పారేయడు, అన్నీ డిస్కుల్లోకి ఎక్కించి బీరువాలో పడేస్తాడు. ఉన్నాయని చెప్పగానే ఆంటీ కుర్చీ అంచుకి జరిగింది.

"డైనింగ్ రూమ్‌లో తీస్తున్నప్పుడు మీ అంకుల్ కిటికీ అవతల నిలబడ్డారే. అద్దం మీద తట్టారు. ఆ ఫోటోలో ఆయన పడే ఉంటారు. నాకు ఆ ముఖం చూపించు తల్లీ. ఇంకేమీ వద్దు."

అంకుల్ ఫోటోలు ఆవిడ దగ్గర లేకేం, బోలెడున్నాయి. ఆ ముఖమే ఎందుకని అడిగాను. ఆంటీ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. లండన్ పక్కన హౌన్స్‌లోలో ఉన్న కొడుకు హర్షవర్ధన్ దగ్గరికి వెళ్ళిపోదామని ఆవిడ పట్టు. తోట వదిలి రానని ఆయన పట్టు. మాటా మాటా పెరిగి ఆయన మాట్లాడడం మానేశారు. ఆవిడ పంతంకొద్దీ ఏజెంటుకి ఫోన్ చేసి ఫోటోలవాళ్ళని పిలిపించింది. ఆ పొద్దున ఆయన కాఫీ కూడా తాగకుండా తోటలోకి వెళ్ళిపోయారు.

"కోపంతోనే పోయారా బిందూ? నామీద కోపం పెట్టుకునే పోయారా? అది తెలియక నాకు అన్నం దిగట్లేదు. తట్టినప్పుడు ఆయన ముఖంలో ఏముందో నేను చూడలేదు. చూడాలని కూడా అనుకోలేదు. జీపీ ఏమో, బాధ తెలియకుండా ఒక్క క్షణంలో పోయుంటారు, మీరేం చెయ్యగలిగేవాళ్ళు కాదు అన్నాడు. అది నిజమే అనుకుంటున్నా. ఈ కోపం సంగతొక్కటే నన్ను తినేస్తోంది."

నేను డిస్కు వెతికి పెట్టాను. ఆంటీ నా పక్కన కుర్చీ వేసుకుంది. డైనింగ్ రూమ్ తెర మీదకొచ్చింది. క్రీమ్ రంగు గోడలు, నల్లటి చెక్క బల్ల, బల్ల మీద మనవాళ్ళందరూ వేయించుకునే మందపాటి అద్దం, దాని వెనక పెద్ద కిటికీ. కిటికీ నిండా తెలుపు. మనిషి లేడు, తోట లేదు, ఆకాశం లేదు.

"ఇక్కడే ఉన్నారు," అంటూ ఆంటీ ఆ తెలుపు మీద వేలు పెట్టింది. "వెలుగెక్కువైంది. కొంచెం తగ్గించు, కనబడతారు."

అందరూ ఇదే అంటారు. తగ్గించి చూపించాను. తెలుపు బూడిద రంగయింది. ఇంకా తగ్గించాను, ముదురు బూడిద రంగయింది. ఆ తెలుపులో ఎక్కడ చూసినా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ చివరి అంకెకి కొట్టుకుని ఆగిపోయాయి. గిన్నె నిండాక పోసిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? అంతే. అక్కడ ముఖముందో గోడుందో కెమెరా రాసుకోలేదు. గదికీ బయటికీ ఆ రోజు ఆరు స్టాపుల తేడా, అంటే బయట వెలుగు అరవై రెట్లకు పైమాటే. ఇంతగా కాలిపోయినచోట ఏ ఫోటోషాపూ పనికిరాదు. అదంతా, బయటికి వేరే ఫోటో తీసే సంగతితో సహా, ఆవిడకి విడమరిచి చెప్పాను.

"అయితే ఇంకోటి తీస్తారన్నావు కదే, బయట కోసం?"

నేనూ ఆ ఆశతోనే ఉన్నాను. రెండో ఫోటో తెరిచాను. గదంతా నల్లగా, కిటికీ ఒక్కటీ నిండు రంగుల్లో. నీలం ఆకాశం, కర్రలకి ఎగబాకిన చిక్కుడు తీగలు, షెడ్డు తలుపు, తాడు మీద ఒక తువ్వాలు. ఆకుల ఈనెలు కూడా లెక్కపెట్టొచ్చు. మనిషి మాత్రం లేడు.

ఆంటీ ముందు అర్థంకానట్టు చూసింది. తర్వాత ఆవిడ చెయ్యి బల్ల మీంచి ఒళ్ళోకి జారిపోయింది.

"నేనే. తప్పుకోమన్నాను. ఫోటో పాడు చేయడానికే వచ్చారనుకుని, అడ్డం లెండి, అవతలికి పొండి అని చెయ్యి ఊపాను. అటు చూడను కూడా చూడలేదు. కావాలంటే మీ కాలిన్‌ని అడుగు."

కాలిన్ పక్క గదిలోనే ఉన్నాడు. అడిగితే తల గోక్కున్నాడు. "అవును, ఒకాయన అద్దం కొట్టాడు. సరిగ్గా ఆ క్షణంలోనే గది ఫోటో పడింది. ఆవిడేదో అరిచింది, ఆయన వెళ్ళిపోయాడు. కిటికీ ఖాళీ అయింది కదాని షట్టర్ తగ్గించి రెండోది తీశాను." పాపం అతని తప్పేముంది. ఎవరింటికెళ్ళినా, ఫ్రేములో ఉన్నవాళ్ళు ఖాళీ చేసేదాకా ఆగి తీయడమే పని.

ఆంటీ కాసేపటికి సంచీలోంచి ఒక ఫోటో తీసింది. ఉగాదికి తెలుగు అసోసియేషన్ హాల్లో తీసింది. నీలం గళ్ళ చొక్కాలో అంకుల్ ఎవరి మాటకో నవ్వుతున్నారు.

"ఆ రోజూ ఈ చొక్కానే. ఈయన్ని తీసుకెళ్ళి ఆ కిటికీలో నిలబెట్టు. నీకు వచ్చు కదా."

"అది అబద్ధం ఆంటీ! అక్కడ ఆయన నవ్వారో లేదో మనకేం తెలుసు? నేను అతికిన నవ్వు చూసుకుని మీరు సరిపెట్టుకుంటారా?"

నోరు జారిందని అప్పటికప్పుడే తెలిసింది. ఆంటీ నన్ను తిట్టలేదు, కసురుకోలేదు. అదే నా ప్రాణం తీసింది.

"హర్ష అడుగుతున్నాడమ్మా. ఆ రోజు నాన్న ఫోటో ఏదైనా ఉందా అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నాడు. వాడి కోసం పెట్టు. నేను ఎలాగూ నమ్మను. వాడైనా నమ్మనీ."

ఆ ముఖం చూస్తూ కాదనడానికి నేను రాయిని కాదు. సరేనన్నాను. ఆవిడ వెళ్తూ వెళ్తూ నా తల నిమిరింది. నాకు నామీదే అసహ్యం వేసింది.

మర్నాడు వేరే పనులన్నీ పక్కనపెట్టి కూర్చున్నాను. గది ఫోటో కింద, తోట ఫోటో పైన పెట్టాను. కిటికీ చెక్కల అంచుల వెంట గీత గీసుకుని, అద్దాల వరకే తోట కనబడేట్టు మాస్కు వేశాను. తోటని కొంచెం వెలుగెక్కువగానే ఉంచాను. లోపలి నుంచి చూసేవాడికి బయట ఎప్పుడూ కాస్త ఎక్కువ వెలుగే ఉండాలి, లేకపోతే గోడకి క్యాలెండర్ తగిలించినట్టుంటుంది. చెక్కల అంచు మీదకి ఆ తెలుపు కొద్దిగా పాకనిచ్చాను. ఇదంతా కళ్ళు మూసుకుని చేసే పని.

తర్వాత అంకుల్‌ని హాల్లోంచి కత్తిరించి తెచ్చాను. హాల్లో ఫ్లాష్ వెలుగు ముఖం మీదకి సూటిగా కొట్టింది. కిటికీ దగ్గర ఇంటి నీడ ఉంటుంది, ముఖం మెత్తటి నీలం వెలుగులో ఉండాలి. ఆ రంగులు మార్చాను. కళ్ళద్దాల్లో ఫ్లాష్ మెరుపు తుడిచాను. కళ్ళు కెమెరా ఎత్తులో ఎక్కడ పడాలో కొలుచుకుని నిలబెట్టాను. బతికున్నప్పుడు ఆ మనిషి నాకు గోంగూర ఇచ్చేవారు, నేనేమో ఆయన మెడ చుట్టూ అంచు మెత్తబరుస్తున్నాను. రెండుసార్లు లేచి వెళ్ళి నీళ్ళు తాగొచ్చాను.

మనిషిని కిటికీలో నిలబెడితే సరిపోదు. కింద బల్ల మీద అద్దముంది, అందులో కిటికీ నీడ పడుతుంది. కిటికీలో మనిషుండి అద్దంలో లేకపోతే చూసేవాడికి ఏదో తేడా కొడుతుంది, అదేమిటో చెప్పలేకపోయినా సరే. అందుకని అంకుల్‌ని తలకిందులు చేసి అద్దంలో కూడా పలచగా పెట్టాలి. ఎక్కడ పెట్టాలో చూద్దామని బల్ల మీదకి జూమ్ చేశాను.

అక్కడ అప్పటికే ఒక మనిషున్నాడు.

ఇంత సేపూ నేను బల్లని చూడనే లేదు, తెల్లటి మరక అనుకుని వదిలేశాను. కిటికీ వెలుగులో కొంత భాగాన్నే అద్దం తిప్పి పంపుతుంది. అందువల్ల కిటికీలో కాలిపోయింది కూడా అద్దంలో కాలకుండా నిలబడింది. ఎండలో ఉన్న తోట అద్దంలోనూ తెల్లగానే ఉంది గానీ, ఇంటి నీడలో కిటికీకి దగ్గరగా నిలబడ్డ మనిషి మాత్రం పడ్డాడు. ఆ పొద్దున ఫోటోల కోసమని ఆంటీ ఆ అద్దాన్ని ఎంతగా తుడిచిందో, ఒక్క వేలిముద్ర లేదు.

ఆ ముక్కని విడిగా తీశాను. తలకిందులున్నదాన్ని నిలబెట్టాను. చెక్క నలుపు అడ్డం రాకుండా కాంట్రాస్ట్ పెంచాను. అద్దానికి పైనా కిందా రెండు ముఖాలు కాబట్టి గీతలన్నీ జంటగా, కాస్త చెదిరి ఉన్నాయి. అయినా నీలం గళ్ళ చొక్కా తెలుస్తోంది. కళ్ళద్దాలు తెలుస్తున్నాయి. వీరాంజనేయులు అంకులే.

నోరు తెరుచుకుని ఉంది. కుడిచెయ్యి కిటికీ అద్దం మీద ఆనించి ఉంది. ఎడమచెయ్యి రొమ్ము మీద చొక్కాని గుప్పిట పట్టి పిండుతోంది. నుదురు ముడుచుకుపోయింది. అది కోపం కాదు. ఎవరు చూసినా కోపమనరు.

ఆయన పోట్లాడ్డానికి రాలేదు. భార్యని పిలవడానికి వచ్చారు. ఇంట్లో నర్సుంది కాబట్టి నర్సు దగ్గరికి వచ్చారు. ఆవిడ అవతలికి పొమ్మంది, ఆయన వెళ్ళారు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరిమీదని అడక్కండి. కాలిన్‌ని పిలిచి చూపించాను. అతను చాలాసేపు వంగి చూసి, "తుడిచెయ్" అన్నాడు. "నువ్విది చూడలేదు. ఆవిడ నవ్వు అడిగింది, నవ్వు ఇచ్చి పంపు."

"తన మీద కోపంతో పోయాడనుకుని ఆవిడ తిండి మానేసింది! కోపం కాదని నా కళ్ళముందు రుజువు పెట్టుకుని ఎలా దాచమంటావు?"

"చూపిస్తే?"

దాస్తే ఆయన కోపంతో పోయారన్న దిగులు ఆవిడకి చచ్చేదాకా ఉంటుంది. చూపిస్తే ఆ దిగులు పోయి, దాని జాగాలో ఏం వస్తుందో నాకు తెలుసు. జీపీ చెప్పిన ఆ ఒక్క క్షణం మాట మీద ఆవిడ నిలబడి ఉంది. ఇది చూస్తే ఆ మాట కూడా కూలిపోతుంది.

నేనొక ఉపాయం చేశాను. తెలివైనదాన్ననుకున్నాను. ఆ ముక్కని భుజాల వరకే కత్తిరించాను. చేతులు తీసేశాను. ముడిపడ్డ నుదురుని చెదిరిన గీతల వంకతో కొంచెం మెత్తబరిచాను. ఇప్పుడక్కడ నోరు తెరిచి ఏదో చెబుతున్న ముసలాయన మాత్రమే ఉన్నాడు. అబద్ధం అతకలేదు కదా, నిజంలోంచి కొంత కత్తిరించానంతే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అతికించిన ఉగాది అంకుల్‌ని లేయర్‌తో సహా తీసేశాను.

ఆంటీకి ఫోన్ చేస్తే శనివారం పొద్దున్నే వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. పోయినసారి నెరిసిన జుట్టు కూడా దువ్వుకోని మనిషి, ఈసారి జడ వేసుకొచ్చింది.

"అంకుల్ దొరికారు ఆంటీ. అతికింది కాదు, నిజంగానే. మీ బల్ల అద్దంలో పడ్డారు."

ఆవిడ నన్ను నమ్మనట్టు చూసింది. బొమ్మ తెరిచాను.

ఆంటీ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. దగ్గరికి వంగింది.

"కోపం లేదు ఆంటీ, చూడండి. కోపంగా లేరు. మీతో ఏదో చెప్తున్నారు. మాట్లాడ్డానికే వచ్చారు," అని నేను గబగబా అన్నాను. ఎంత గబగబా అన్నానంటే నాకే అనుమానం వచ్చింది.

ఒక్క నిమిషం, నిజంగా ఒక్క నిమిషం, ఆవిడ ముఖం విప్పారింది. "మాట్లాడ్డానికొచ్చారు," అంది. "పలకరించడానికొచ్చారు. చూశావా? ఎంత పంతమున్నా ముందు ఆయనే వస్తారు. పెళ్ళైన కాడ్నించీ అంతే. సరేలే పోదాంలే హౌన్స్‌లో అని చెప్పడానికే అయ్యుంటుంది."

"అంతే ఆంటీ. అదే అయ్యుంటుంది."

నేను ఊపిరి పీల్చుకుని బొమ్మ మూయబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. వార్డులో నాడి చూసే పట్టు అది.

"ఆగు. భుజం ఎందుకట్లా ఉంది?"

"ఏ భుజం ఆంటీ?"

"ఎడమది. పైకి లేచి ముందుకొచ్చింది. మెడ ఇటు వాలింది. చెయ్యి ఎక్కడుంది ఈయనది?"

"ఫోటోలో... అంతవరకే పడింది ఆంటీ."

"బిందూ." ఆవిడ గొంతు పెంచలేదు. "భుజం ఇట్లా లేచిందంటే చెయ్యి ఇక్కడుంటుంది." తన ఎడమచేతిని రొమ్ము మీద పెట్టి గుప్పిట బిగించి చూపించింది. "ఇట్లా వచ్చినవాళ్ళని ఎంతమందిని చూశానో నీకేం తెలుసు. నువ్వు కత్తిరించావు. మిగతాది తియ్యి."

"వద్దు ఆంటీ. మీ కాళ్ళు పట్టుకుంటా, వద్దు."

"తియ్యి."

మొత్తం బొమ్మ తెరిచాను.

ఆంటీ ఏడవలేదు. ముందు చెయ్యి చూసింది, తర్వాత నుదురు, తర్వాత నోరు. ఒక రోగిని చూసే వరసలో చూసింది. ఆఖర్న అద్దం మీద ఆనిన ఆ కుడి అరచేతి దగ్గర ఆగిపోయింది.

"అప్పటికి టైముంది," అంది. "నిలబడి ఉన్నారు, నడిచొచ్చారు, తట్టారు. ఆంబులెన్స్ పిలిస్తే వచ్చేది. నోట్లో ఆస్పిరిన్ వేసి కూర్చోబెడితే... ఇంట్లోనే ఉంది ఆస్పిరిన్. బల్ల పక్కన సొరుగులోనే."

"మీకు తెలీదు కదా ఆంటీ. మీరు చూడలేదు కదా."

"చూడలేదు. అదేగా." ఆవిడ నావైపు తిరిగింది. "వార్డులో ఎవడు బెల్లు నొక్కినా, ఊరికే నొక్కే తిక్క ముసలాళ్ళు నొక్కినా, ముందు పోయి ముఖం చూసేదాన్ని. ఒక్కనాడూ ముఖం చూడకుండా పొమ్మనలేదు ఎవర్నీ. ఆయన్ని అన్నాను. ఫోటో బాగా రావాలని అన్నాను. అన్నం వడ్డించి పిలిస్తే పలకలేదని, అలిగారులే అని నేను తినేశాను బిందూ. కడుపునిండా తిన్నాను. నేనే చంపుకున్నాను ఆయన్ని."

కాదని చెప్పాలి. అలా చెప్పడానికి లోకంలో మాటలుంటాయి, అందరూ చెబుతూనే ఉంటారు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది. పక్క గదిలో కాలిన్ తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నాడు.

కింద టేకవేలో నూనె కాగుతున్న వాసన పైకి రావడం మొదలైంది. అప్పుడు ఆంటీ కొంగుతో తెర మీద దుమ్ము తుడిచి, కుర్చీ సరిగ్గా జరుపుకుని కూర్చుంది.

"హర్ష ఇది చూడకూడదు. వాడికి ఉత్త తోట ఉన్న ఫోటో పంపుతాను. నాన్న తోట అని చెబుతాను. తయారుగా ఉందా?"

ఉంది. నిన్ననే పెట్టాను కదా, కిటికీలో తోట. చూపించాను. నీలం ఆకాశం, చిక్కుడు పందిరి, తాడు మీద తువ్వాలు, గోడలన్నీ వెచ్చగా, ఎక్కడా అతుకు తెలియకుండా. నేను చేసిన కిటికీలన్నిట్లోకీ మంచి కిటికీ అదే.

"బల్లలో ఉన్నారుగా ఇంకా," అంది ఆంటీ. "అది కూడా తీసెయ్యి. కిటికీలో లేని మనిషి బల్లలో ఎట్లా ఉంటాడు?"

"ఆంటీ, ఇవాళ వద్దు. ఇంటికెళ్దాం పదండి, నేను దింపుతాను."

"ఇప్పుడే తియ్యి. నేనుండగానే."

పక్కనున్న తెల్లటి వెలుగుని ఎత్తి ఆయన మీద వేయడం మొదలుపెట్టాను. చాలా తేలికైన పని, అద్దం మీద మరక తుడవడం కంటే తేలిక. ముందు ముఖం పోయింది. తర్వాత రొమ్ము మీది చెయ్యి పోయింది. నా కళ్ళల్లో నీళ్ళకి తెర మసకబారింది. ఇక చాలనుకుని మౌస్ వదిలేశాను.

ఆంటీ కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగింది. కాలిన్ మెచ్చుకునేంత శ్రద్ధగా బల్లనంతా ఈ చివర్నించి ఆ చివరికి చూసింది. తర్వాత వేలు తెర మీద పెట్టింది.

"ఇక్కడ ఇంకా కాస్త చొక్కా ఉంది చూడమ్మా," అంది. "అది కూడా."